గోల్డ్ లోన్ ఎలా తీసుకోవాలి? గొలుసుకు ఎంత వస్తుంది, ఎలా విడిపించుకోవాలి?

జూన్‌లో హనుమకొండలో పిల్లల కాలేజీ ఫీజు కట్టాలి. మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు చేరి డబ్బు చేతికొచ్చేది ఫిబ్రవరి తర్వాతే. అందుకే ఇంట్లో ఉన్న గొలుసు కుదువ పెడదామనుకున్నారు. బరువు 24 గ్రాములు.

ముందు తూకం దగ్గర నిలబడండి. మీ ఎదుటే పరీక్షించాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. రాళ్లు, లక్క, దారం బరువు తీసేస్తారు. అవి 2 గ్రాములైతే మిగిలేది 22 గ్రాములు. తరువాత గీటురాయి మీదో మెషిన్‌లోనో స్వచ్ఛత చూస్తారు. 20 క్యారెట్లు అని తేలిందనుకుందాం. లెక్క 22 క్యారెట్ల ధరతో కడితే, 22 గ్రాములను 20తో గుణించి 22తో భాగిస్తారు. 20 గ్రాములు అవుతుంది. కొన్నప్పుడు కట్టిన మజూరీ, తరుగు ఇక్కడ లెక్కకు రావు.

గ్రాము ధర నిన్నటిదా, 30 రోజుల సగటా అంటే, రెండింటిలో ఏది తక్కువైతే అది. సులువు కోసం 10,000 రూపాయలు అనుకుంటే గొలుసు విలువ 2 లక్షలు. 2026 ఏప్రిల్ నుంచి ఇంటి అవసరాలకు తీసుకునే లోన్ రెండున్నర లక్షల లోపైతే విలువలో 85 శాతం వరకు ఇవ్వొచ్చు, అంటే 1,70,000. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే, అంత ఇచ్చి తీరాలని లేదు.

ఇక వడ్డీ. చాలామంది తికమకపడేది ఇక్కడే. ఏడాదికి 12 శాతమంటే మన లెక్కలో నూటికి రూపాయి. నెలనెలా వడ్డీ కడితే 1,70,000కు 1,700 అవుతుంది. పంట వచ్చాక అసలు, వడ్డీ ఒకేసారి కడతామంటే గడువు 12 నెలలకు మించదు, పైగా చివర్లో కట్టాల్సిన మొత్తం 85 శాతం లోపే ఉండాలి. అప్పుడు అదే గొలుసుకు చేతికి వచ్చేది సుమారు 1,51,000. నెలనెలా ఆదాయం లేని ఇంటికి ఇదే మేలని నా అభిప్రాయం. వాయిదా తప్పితే పడే అదనపు వడ్డీ టెన్షన్ ఉండదు.

గ్రాస్ బరువు, నెట్ బరువు, క్యారెట్లు, నగ ఫొటో ఉన్న పత్రం తీసుకోకుండా కౌంటర్ వదలొద్దు. విడిపించుకునేటప్పుడు దీంతోనే పని. బాకీ మొత్తం తీరాక అదే రోజు, లేదంటే 7 పనిదినాల్లో నగ ఇవ్వాలి. వాళ్ల తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు చెల్లించాలి. సీలు మీ ముందే విప్పించి, అక్కడే తూకం వేయించండి. గ్రాస్ 24 చూపించాలి. కొక్కెం, రాళ్లు ఫొటోతో సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి. తేడా ఉంటే రసీదు మీదే రాసి ఇవ్వండి, బయటికొచ్చాక చెబితే నిరూపించడం కష్టం.

ఈ నిబంధనలు బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకే. చిట్టీ రాసిచ్చే వడ్డీ వ్యాపారికి వర్తించవు.