నెలకు సరిపడా క్యాప్షన్లు రాసిపెట్టుకున్నా స్పందన రావట్లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఇంట్లో పచ్చళ్ళు పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మే చిన్న వ్యాపారాన్ని తీసుకుందాం. ఆవకాయ సీజన్, మే నెల. సోమ, బుధ, శుక్ర, ఆదివారాలు లెక్కన నాలుగు వారాలకు 16 పోస్టులు. షీట్‌లో ఆరు సమాచారం, ఆరు ముచ్చట్లు (ఫాలోవర్లను మాట్లాడించేవి), నాలుగు అమ్మకం అని రాసుకున్నారు. కాగితం మీద అంతా బాగానే ఉంది.

సమస్య: రెండో వారానికే లైకులు, కామెంట్లు పడిపోతున్నాయి

కారణం ఎక్కువసార్లు ఒకటే. షీట్‌లో పోస్టుకు పెట్టిన పేరు ఒకటి, లోపల రాసింది మరొకటి. దీన్ని తేల్చడానికి ఒక్కో క్యాప్షన్‌లోంచి ధర, ఆర్డర్ వివరాలు, మీ పచ్చడి గొప్పదనం చెప్పే వాక్యాలు కొట్టేయండి. మన దగ్గర కొనని మనిషికి కూడా పనికొచ్చేది ఏమైనా మిగిలిందా? మిగలకపోతే అది అమ్మకం పోస్టే.

ఈ షీట్‌నే అలా పరీక్షించామనుకోండి. సమాచారం అన్న ఆరింటిలో నాలుగు "మా ఆవకాయలో గానుగ నూనె మాత్రమే వాడతాం, ఆర్డర్‌కు మెసేజ్ చేయండి" తరహావి. ముచ్చట్లు అన్న ఆరింటిలో మూడు "మా గోంగూర రుచి చూశారా?" అని అడిగేవి. అంటే అమ్మకం పోస్టులు నాలుగు కాదు, పదకొండు. వారానికి దాదాపు మూడుసార్లు కొనమంటున్నట్టు.

పరిష్కారం: ఆ ఏడింటినీ తిరగరాయాలి. ఆర్డర్ వాక్యం ఒక్కటి తీసేస్తే సరిపోదు, విషయమే మారాలి. గానుగ నూనె పోస్టు ఇలా అవుతుంది:

"ఆవకాయ జాడీలో బూజు కట్టిందా? మామిడి ముక్కలకు తడి మిగిలి ఉండొచ్చు, లేదా పైన నూనె తేలకపోయి ఉండొచ్చు. ముక్కలు కోసే ముందే కాయలు కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. మూడో రోజు తిరగకలిపాక ముక్కలు మునిగేలా నూనె లేకపోతే, ఇంకొంచెం పోయండి."

మొదటి వాక్యం జనం తమ ఇంట్లో అనుకునే మాటే కావాలి. ఫీడ్‌లో క్యాప్షన్ మొదటి ఒకటి రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితే గానీ తెరుచుకోదు. "నమస్కారం అండీ, ఈరోజు మనం" అని మొదలుపెడితే ఆ చోటంతా వృథా.

సమస్య: ముచ్చట్ల పోస్టుకు జవాబులే రావట్లేదు

"మీకు ఏ పచ్చడి ఇష్టం?" అంటే అందరికీ తెలిసిన జవాబే, వాదించుకోవడానికి ఏమీ లేదు. "మీ ఇంట్లో ఆవకాయలో వెల్లుల్లి వేస్తారా, వెయ్యరా?" అని అడగండి. ప్రతి ఇంటికీ ఒక పద్ధతి ఉంటుంది, దాన్ని సమర్థించుకోవాలనీ ఉంటుంది.

ఇంకో పొరపాటు, ఈ పోస్టులన్నీ నెల మొదట్లోనే పూర్తిగా రాసేయడం. బుధవారం అడిగిన ప్రశ్నకు జనం ఏం చెబుతారో ముందే తెలియదు కదా. అందుకే కొన్ని ఆదివారం గడులు ఖాళీగా వదలాలి. షీట్‌లో "బుధవారం కామెంట్ల నుంచి" అని మాత్రం రాసి, శనివారం సాయంత్రం నింపండి. వెల్లుల్లి వెయ్యని ఇళ్ళవాళ్ళు చెప్పిన కారణాల్లో రెండు మూడు ఎత్తి, వాళ్ళను అడిగి పేరుతో సహా పెడితే, తర్వాతి ప్రశ్నకు కామెంట్ పెట్టేవాళ్ళు పెరుగుతారు. క్యాలెండర్‌లో ఖాళీ ఉంటే చాలామందికి కంగారు, కానీ ఈ ఖాళీ కావాలని ఉంచుకున్నదే.

సమస్య: సేవ్‌లు బాగున్నాయి, ఆర్డర్లు లేవు

సమాచారం పోస్టుకూ అమ్మకం పోస్టుకూ సంబంధం తెగిపోయింది. సోమవారం బూజు గురించి చెప్పి, శుక్రవారం కాకరకాయ కారం అమ్మితే అతకదు. ముందు నాలుగు శుక్రవారాలూ ఏం అమ్ముతారో రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి నింపుకుంటూ రండి. శుక్రవారం ఆవకాయ అయితే సోమవారం బూజు, బుధవారం వెల్లుల్లి. శుక్రవారం క్యాప్షన్‌లో మొహమాటం వద్దు: ఎన్ని కిలోలు పెట్టారు, అరకిలో ధరెంత, ఏ రోజు పంపుతారు, ఆర్డర్ ఎప్పటివరకు. క్యాప్షన్‌లో పెట్టిన లింక్ నొక్కితే తెరుచుకోదు, కాబట్టి మెసేజ్ చేయమనండి, లేదా బయోలో లింక్ ఉందని చెప్పండి.

సమస్య: సరుకు అయిపోయాక "ఆర్డర్ చేయండి" పోస్టు పడింది

షెడ్యూల్ చేసి మరచిపోతే జరిగేది ఇదే. అమ్మకం క్యాప్షన్లను డ్రాఫ్ట్‌గానే ఉంచి, ఆ ఉదయం జాడీలు లెక్కపెట్టుకున్నాకే వదలండి. పక్క గడిలో బదులు క్యాప్షన్ ఒకటి సిద్ధంగా ఉండాలి: "ఈ విడత ఆవకాయ అయిపోయింది. తర్వాతి విడత ఫలానా తేదీన పెడుతున్నాం, కావాల్సినవాళ్ళు కామెంట్‌లో చెప్పండి, ముందు మీకే మెసేజ్ చేస్తాం."