ఆన్‌లైన్‌లో కొన్న కళ్లజోడు ఎందుకు కుదరలేదు: లక్షణాన్ని బట్టి ఏ కొలత తప్పిందో పట్టుకోవడం

ఫ్రేము కాడ లోపలి వైపు 52□18 140 లాంటి అంకెలు ఉంటాయి. లిస్టింగులో కూడా ఇవే కనిపిస్తాయి. 52 ఒక్కో లెన్స్ వెడల్పు, 18 రెండు లెన్సుల మధ్య దూరం, అంటే బ్రిడ్జి. 140 కీలు నుంచి చెవి వెనక చివరి దాకా కాడ పొడవు. అన్నీ మిల్లీమీటర్లే. ఈ మూడూ పాత జోడుతో అచ్చంగా కలిశాయని ఆర్డరు పెట్టి, తీరా వచ్చాక కుదరక తిప్పి పంపేవాళ్లు చాలామంది. ముఖం మీద బిగుతో వదులో తేల్చేది ఫ్రేము మొత్తం వెడల్పు. అది ఆ మూడు అంకెల్లో లేదు.

కాబట్టి కింది వాటిలో దేనికైనా ముందు ఒక పని చేయండి. ఇప్పుడు సుఖంగా ఉన్న జోడును బోర్లించి, ఎడమ కీలు బయటి అంచు నుంచి కుడి కీలు బయటి అంచు దాకా స్కేలుతో కొలవండి. మీ ముఖానికి సరిపడే వెడల్పు అదే. కొత్త ఫ్రేము దానికి 2 మి.మీ. అటూ ఇటూ ఉంటే తేడా తెలియదు. 5 మి.మీ. తేడా వస్తే ఖాయంగా తెలుస్తుంది.

ముక్కు మీంచి జారిపోతోంది

జారుతోందంటే అందరూ బ్రిడ్జినే అనుమానిస్తారు. నిజానికి దీనికి నాలుగు వేర్వేరు కారణాలు ఉంటాయి, నాలుగింటికీ మందు వేరు. జోడు పెట్టుకుని నెత్తి మీదినుంచి ఎవరినైనా ఒక ఫోటో తీయమనండి.

కాడలు కీళ్ల దగ్గరే బయటికి విప్పారి, చెవి చేరకముందే కణతలకు ఒరుసుకుంటూ కనిపిస్తే ఫ్రేము ఇరుకు. కణతల దగ్గరినుంచి చెవుల వైపు తల వెడల్పవుతుంది కదా, ఆ వాలు మీద నొక్కుకుపోయిన కాడ ముందుకే జారుతుంది. బిగుతుగా ఉన్న జోడు జారడమేమిటి అనిపిస్తుంది కానీ, చాలాసార్లు జరిగేది ఇదే. దీన్ని ఇంకా బిగిస్తే మరింత జారుతుంది. కాడలను కొద్దిగా బయటికి వంపించవచ్చు. తేడా 5 మి.మీ. దాటితే మాత్రం వాపసు చేయడమే నయం.

ఫోటోలో కాడలు తిన్నగా ఉండి, తలకూ కాడకూ మధ్య చెవి దాకా ఖాళీ కనిపిస్తే ఫ్రేము వెడల్పు ఎక్కువ. తల వంచగానే జారేది ఇలాంటిదే.

వెడల్పు సరిగ్గానే ఉందంటే చెవి దగ్గర చూడండి. కాడ వంపు చెవి పైభాగం దాటగానే మొదలవ్వాలి. వంపుకీ చెవికీ మధ్య వేలు దూరేంత సందు ఉంటే కాడ పట్టుకోవడం లేదన్నమాట. ఇది ఆప్టికల్ షాపులో అయిదు నిమిషాల పని. ప్లాస్టిక్ కాడను వేడి చేసి, వంపును ముందుకు జరిపి ఇస్తారు. ఇంట్లో మంట మీద పెట్టవద్దు, రంగు పోతుంది, లెన్స్ కోటింగ్ పగుళ్లిస్తుంది.

ఇక మిగిలింది బ్రిడ్జి. ఇక్కడ లిస్టింగు అంకెను నమ్మాలా వద్దా అన్నది ఫ్రేము రకాన్ని బట్టి ఉంటుంది. లోహపు ఫ్రేములో ముక్కును తాకేవి నోస్ ప్యాడ్లు. 18 అన్నది లెన్సుల మధ్య దూరమే తప్ప ప్యాడ్ల మధ్య దూరం కాదు. ప్యాడ్లను దగ్గరికి వంచితే చాలావరకు సర్దుకుంటుంది. ప్యాడ్లు లేని ప్లాస్టిక్ ఫ్రేములో ముక్కు మీద కూర్చునేది ఫ్రేమే. అక్కడ 2 మి.మీ. తేడా కూడా తెలుస్తుంది, పైగా దాన్ని వంచడం కుదరదు. ముక్కు దూలం చదునుగా ఉన్నవాళ్లు ఈ రకం కొనాలనుకుంటే లో బ్రిడ్జి ఫిట్ అని రాసినవే చూసుకోవాలి. వాటిలో ప్యాడ్ భాగం మందంగా పోతపోసి ఉంటుంది. ఇప్పటికే కొనేసి ఉంటే సిలికాన్ ప్యాడ్లు అంటించుకోవచ్చు. అవి జోడును కాస్త పైకీ ముందుకీ జరుపుతాయని మాత్రం గుర్తుంచుకోండి.

లిస్టింగులో 138 అని ఉంది, వచ్చింది అలా లేదు

ఫ్రేము వెడల్పును అందరూ ఒకేచోట కొలవరు. ఒకరు కీలు నుంచి కీలుకు కొలుస్తారు, ఒకరు ముందుభాగంలో అన్నిటికంటే వెడల్పైన చోట కొలుస్తారు. క్యాట్ ఐ ఆకారంలో పై మూలలు బయటికి సాగి ఉంటాయి కాబట్టి ఈ రెండు కొలతలూ వేరవుతాయి. కొందరు కాడల మధ్య లోపలి దూరం ఇచ్చేస్తారు.

మొదటి తనిఖీ కూడికే. 52-18 ఫ్రేములో రెండు లెన్సులూ బ్రిడ్జీ కలిపితే 52 + 52 + 18 = 122. మొత్తం వెడల్పు దీనికంటే ఎక్కువే ఉండాలి, ఎందుకంటే రిమ్ము మందమూ, రెండు పక్కలా కీళ్లను పట్టుకునే చెవులూ కలుస్తాయి. 138 అంటే రెండు వైపులా కలిపి 16 మి.మీ. అదనం, నమ్మదగ్గదే. అదే లిస్టింగులో 123 అని ఉంటే ఎవరో ఎక్కడో తప్పు కొలిచారు.

రెండోది ఫోటో మీద కొలవడం. తిన్నగా ఎదురుగా తీసిన బొమ్మను తెర మీద పెద్దది చేసి స్కేలు పెట్టండి. లెన్స్ అంచు కొంత రిమ్ము గాడిలో దాగి ఉంటుంది కనుక 52లో సుమారు 51 మి.మీ. పైకి కనిపిస్తుంది. తెర మీద అది 76.5 మి.మీ. వచ్చిందనుకుందాం. అంటే బొమ్మ ఒకటిన్నర రెట్లు ఉంది. ఫ్రేము మొత్తం తెర మీద 207 వస్తే అసలు వెడల్పు 207 / 1.5 = 138. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఇందులో తప్పదు కానీ, 138కీ 130కీ మధ్య తేడా పట్టుకోవడానికి ఇది చాలు. పక్కకు తిప్పి తీసిన బొమ్మ దీనికి పనికిరాదు.

లెన్స్ అంచు మందంగా, బయటికి పొడుచుకొచ్చి ఉంది

మైనస్ పవర్ వాళ్ల ఫిర్యాదు ఇది. సలహా కూడా ఒకటే వినిపిస్తుంది: ఇండెక్స్ ఎక్కువున్న లెన్స్, అంటే అదే పవర్‌కు ఇంకా పలుచగా వచ్చే లెన్స్ తీసుకోండి. ఫ్రేము మారిస్తే అంతకంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

మైనస్ లెన్స్ కంటిపాప ఎదుట పలుచగా ఉండి, దూరం పోయేకొద్దీ మందమవుతుంది. పాప నుంచి లెన్స్ బయటి అంచు దాకా దూరం ఎంతో చూడాలి. దానికి పీడీ తెలియాలి, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం. కళ్ల పరీక్ష చేసినవాళ్లను అడిగి రాయించుకోండి. లెక్క ఇది:

```
బయటి అంచు దూరం = లెన్స్ వెడల్పు + (బ్రిడ్జి - పీడీ) / 2
```

పీడీ 62, పవర్ -5.00 ఉన్న మనిషి 54-18 ఫ్రేము ఎంచుకున్నారనుకుందాం. 54 + (18 - 62) / 2 = 32 మి.మీ. అదే 48-18 అయితే 26 మి.మీ. మందం ఈ దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆరు మిల్లీమీటర్లు చిన్న విషయం కాదు. మామూలు 1.5 ఇండెక్స్‌లో మధ్య మందం 2 మి.మీ. అనుకుంటే, పెద్ద ఫ్రేములో బయటి అంచు సుమారు 7 మి.మీ. వస్తుంది, చిన్నదాంట్లో సుమారు 5.4. పెద్ద ఫ్రేములోనే ఉండి 1.6 ఇండెక్స్‌కు మారి, మధ్య మందం 1.5కి తగ్గించినా అంచు 5.8 దగ్గరే ఆగుతుంది. అంటే చిన్న ఫ్రేములో మామూలు లెన్స్, పెద్ద ఫ్రేములో ఖరీదైన లెన్స్ కంటే పలుచగా ఉంది. చిన్న ఫ్రేములోనే 1.6 వేస్తే 4.3కు దిగుతుంది.

ముఖం వెడల్పుగా ఉండి పీడీ తక్కువైతే 48 ఫ్రేము ఇరుకవుతుందేమో అన్న భయం సహజం. అప్పుడు పైన చేసిన కూడికనే తిరగేయండి. 48-20 ఫ్రేములో లెన్సులూ బ్రిడ్జీ కలిపి 116. దాని మొత్తం వెడల్పు 136 ఉంటే 20 మి.మీ. అదనం రిమ్ములోనూ చెవుల్లోనూ ఉందన్నమాట. లెన్స్ చిన్నగా, ఫ్రేము వెడల్పుగా కావాలంటే వెతకాల్సింది ఇలాంటి మందపాటి ప్లాస్టిక్ ఫ్రేములే.

రిమ్‌లెస్ విషయంలో ఒక్క మాట. లెన్స్‌కే రంధ్రం వేసి కాడ బిగిస్తారు కాబట్టి మామూలు 1.5 ప్లాస్టిక్ లెన్స్ ఆ రంధ్రం దగ్గర చిట్లుతుంది. పాలికార్బొనేట్, ట్రైవెక్స్, 1.6 లాంటివి తట్టుకుంటాయి. పైగా పొడుచుకొచ్చిన అంచును దాచడానికి అక్కడ రిమ్మే లేదు.

ప్రోగ్రెసివ్ లెన్స్‌లో చదవాలంటే గడ్డం ఎత్తాల్సి వస్తోంది

ప్రోగ్రెసివ్ లెన్స్‌లో పైన దూరపు చూపుకూ, కింద చదవడానికీ పవర్ ఉంటుంది. ఎదురుగా పుస్తకం పెట్టుకుని, జోడును వేలితో 3 మి.మీ. పైకి నెట్టి చూడండి. అక్షరాలు తేటపడితే పవర్ తప్పు కాదు, చదివే భాగం కిందికి ఉంది. జోడు జారుతోందేమో ముందు చూడండి, అలాగైతే జారడం గురించిన మొదటి విభాగంలో చెప్పిన మరమ్మతే దీనికీ మందు. జారకపోయినా ఇలాగే ఉంటే లెన్స్ ఎత్తు చాలలేదన్నమాట, లేదా ఫిట్టింగ్ ఎత్తు తప్పు కొలిచారన్నమాట.

లెన్స్ ఎత్తు కాడ మీద రాసి ఉండదు, లిస్టింగులో విడిగా వెతకాలి. పాప మధ్య నుంచి లెన్స్ కింది అంచు దాకా ఉండే దూరమే ఫిట్టింగ్ ఎత్తు. డిజైన్‌ను బట్టి ఇది కనీసం 14 నుంచి 18 మి.మీ. దాకా కావాలి. 28 ఎత్తున్న ఫ్రేములో పాప సగానికి 3 పైన కూర్చుంటే 14 + 3 = 17 దక్కుతుంది. 18 అడిగే డిజైన్ వేస్తే చదివే భాగంలో కింది ముక్క కోతకు పోతుంది. ఆ ఫ్రేములోనే ఉండాలంటే పొట్టి కారిడార్ డిజైన్, అంటే దూరపు భాగం నుంచి చదివే భాగానికి దూరం తక్కువగా ఉండేది అడగాలి. లేదా 32 పైన ఎత్తున్న ఫ్రేము తీసుకోవాలి. ఫ్రేము చేతికొచ్చాక డమ్మీ లెన్స్ మీద మార్కరుతో పాప చుక్క పెట్టి కొలిచిన ఎత్తునే ఇవ్వండి, అంచనాతో ఇవ్వవద్దు.

నవ్వితే జోడు పైకి లేస్తోంది

కింది రిమ్ము బుగ్గలను తాకుతోంది. నోస్ ప్యాడ్లుంటే కొంచెం దగ్గరికి వంచితే ఫ్రేము పైకి లేస్తుంది. ముందుభాగం వాలును కాస్త తగ్గించినా కింది అంచు బుగ్గకు దూరమవుతుంది. అప్పటికీ తాకుతుంటే 3, 4 మి.మీ. ఎత్తు తక్కువైన ఫ్రేమే కావాలి. ప్రోగ్రెసివ్ వాడేవాళ్లకు ఇది పై సమస్యతో పోటీ పడుతుంది. వాళ్లు ముందు ఫిట్టింగ్ ఎత్తు చూసుకుని, తర్వాత కింది మూలలు గుండ్రంగా కోసిన ఆకారం వెతకాలి.

ముఖాకృతి చార్టు చెప్పినట్టే కొన్నా నప్పలేదు

గుండ్రటి ముఖానికి కోణాల ఫ్రేము, పలకల ముఖానికి గుండ్రటి ఫ్రేము అనే చార్టులు అందం గురించి చెబుతాయి, కుదురు గురించి కాదు. నప్పలేదు అనిపించినప్పుడు అద్దంలో కంటిపాప లెన్స్‌లో ఎక్కడ ఉందో చూడండి. అడ్డంగా చూస్తే మధ్యలోగానీ కొంచెం ముక్కు వైపుగానీ ఉంటే ఏ ఆకారమైనా దాదాపు నప్పుతుంది. పాపలు బాగా ముక్కు వైపు చేరితే కళ్లు దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తాయి. 54-18లో పీడీ 62 ఉన్న మనిషికి ఒక్కో పాప మధ్య నుంచి 5 మి.మీ. లోపలికి జరుగుతుంది, 48-18లో 2 మి.మీ. మాత్రమే. ఆ తేడాను చార్టు ఏ ముఖానికీ చెప్పదు. అందుకే లిస్టింగులో ముందు వెడల్పు, తర్వాత పీడీ లెక్క, తర్వాత ఎత్తు చూసి వడకట్టండి. ఆకారం మిగిలినవాటిలోంచి మీ ఇష్టం.