ల్యాప్‌లు పెంచే ముందు: మీ చెయ్యి ఎక్కడ పడుతోందో చూసుకున్నారా?

వేసవిలో కొలనులు కిక్కిరిసే సమయానికే భుజం నొప్పులూ మొదలవుతాయి. ఈమధ్యే జరిగిన ఒక కేసు చెప్తాను. వారానికి మూడు కిలోమీటర్లు ఈదే మనిషి, పోటీ దగ్గరపడిందని ఒకేసారి ఏడుకు పెంచాడు, పైగా చేతులకు ప్యాడిల్స్, అంటే నీళ్లను ఎక్కువగా నెట్టే ప్లాస్టిక్ పలకలు, తొడిగాడు. మూడో వారానికి చొక్కా తొడుక్కోవడానికి చెయ్యి ఎత్తలేకపోయాడు.

దూరం అంతలా పెంచడం తప్పే. కానీ భుజాన్ని పాడుచేసింది అదొక్కటే కాదు. ఫ్రీస్టైల్‌లో అతని కుడి చెయ్యి తల ముందు శరీరం మధ్యగీత దాటి ఎడమవైపు పడుతోంది, అదీ బొటనవేలు ముందుగా. అలా పడినప్పుడు చెయ్యి లోపలికి మెలితిరుగుతుంది. భుజం పైఎముక కింద ఉండే స్నాయువు ఆ ఇరుకులో నలుగుతుంది. 25 మీటర్ల కొలనులో ఒక పొడవుకు ఒక్కో చెయ్యి పదిసార్లు పడుతుందనుకుంటే, కిలోమీటరుకు 400 నలుగుళ్లు. ఏడు కిలోమీటర్లకు 2,800. ప్యాడిల్ వేస్తే ఒక్కో లాగుడుకు బరువు ఇంకా పెరుగుతుంది.

ఇది ఈదేవాళ్లకు తెలియదు, చెయ్యి తిన్నగానే వెళ్తున్నట్టు అనిపిస్తుంది. లేన్ చివర ఒకరిని నిలబెట్టి, ఎదురుగా ఫోన్‌లో వీడియో తీయించండి. ఊపిరికి తల తిప్పిన క్షణంలో ముందున్న చేతిని చూడండి, ఎక్కువమందికి గీత దాటేది అప్పుడే. గడియారం ముల్లుల్లా చేతులు పదికీ రెండుకీ పడుతున్నాయనుకుని ఈదండి. మరీ వెడల్పుగా పెట్టినట్టు అనిపిస్తుంది, వీడియోలో చూస్తే సరిగ్గా భుజానికి ఎదురుగా ఉంటుంది. వేళ్ల కొనలు ముందు, అరచెయ్యి కిందికి.

నేలమీద వారానికి మూడు రోజులు రబ్బర్ బ్యాండ్ పని చాలు. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, మధ్యలో మడిచిన తువ్వాలు పెట్టి, ముంజేతిని బయటికి తిప్పండి. 15 చొప్పున మూడుసార్లు. ఈతలో ఛాతీ, వీపు కండరాలు చెయ్యిని లోపలికే లాగుతుంటాయి, వాటికి ఎదురు నిలిచే చిన్న కండరాలకు ఈ పని కావాలి. పుషప్ పైకి వచ్చాక మోచేతులు మడవకుండా వీపును ఇంకొంచెం పైకి నెట్టండి, రెక్క ఎముకను పట్టి ఉంచే కండరం దానితో గట్టిపడుతుంది.

ఇక మిగతావి. వారానికి పదిశాతం మించి దూరం పెంచొద్దు. నొప్పి ఉండగా ప్యాడిల్స్ ముట్టుకోవద్దు. కిక్‌బోర్డును చేతులు చాచి పట్టుకోవద్దు, ఆ భంగిమలోనూ భుజం నలుగుతుంది, చేతులు పక్కన పెట్టుకుని కాళ్లాడించండి. చేతులు వెనక్కి పట్టి ఎవరిచేతా లాగించుకోవద్దు, భుజం ముందుభాగం సాగిపోతుంది. అలసిపోయాక చెయ్యి మళ్లీ గీత దాటుతుంది, అది కనిపించగానే ఆ రోజుకు ఆపేయండి. నొప్పి మాత్ర వేసుకుని నీళ్లలోకి దిగొద్దు. నొప్పి ఉన్న పక్కకు ఒత్తిగిలితే రాత్రి మెలకువ వస్తున్నా, చెయ్యి పక్కకు ఎత్తడానికి బలం చాలకపోయినా ఈత మానేసి ఎముకల డాక్టరుకు చూపించుకోండి.