డివిడెండ్ల సీజన్ వస్తోంది, యీల్డ్ చూసి షేర్లు కొనకండి

మే నుంచి ఆగస్టు దాకా చాలా కంపెనీలు తుది డివిడెండ్ ఇచ్చే కాలం. "ఈ వారం డివిడెండ్ ఇచ్చే షేర్లు" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో పట్టికలు తిరుగుతూనే ఉంటాయి. షేరు ధరలో డివిడెండ్ ఎంత శాతమో చెప్పే యీల్డ్ కూడా వాటిలో ఉంటుంది. గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు కిందటేడాది అలాంటి పట్టిక చూసే నాలుగు లక్షలు పెట్టారు. మొన్న ఆ స్టేట్‌మెంట్లు తెచ్చి చూపించారు. నెలనెలా చేతికి డబ్బు రావాలని షేర్లలోకి వచ్చే పెద్దవాళ్లు విజయవాడలోనూ, గుంటూరులోనూ ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. టిప్పులు నమ్మొద్దు, అంతా ఒకే షేర్లో పెట్టొద్దు లాంటివి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

మాస్టారు కొన్న షేరు ధర 400, ప్రకటించిన డివిడెండ్ 30 రూపాయలు. "ఏడున్నర శాతం అంటే బ్యాంకు వడ్డీ కన్నా మేలే కదండీ" అనుకుని, డివిడెండ్ ఎవరికివ్వాలో కంపెనీ లెక్కతీసే రికార్డు తేదీకి రెండు రోజుల ముందు వెయ్యి షేర్లు కొన్నారు. ఎక్స్ డేట్ నాడు, అంటే కొన్నా ఆ డివిడెండ్ రాని మొదటి రోజున, షేరు 370 దగ్గర మొదలైంది. కంపెనీ ఖజానాలోంచి షేరుకు 30 రూపాయలు బయటికి పోతున్నాయి కాబట్టి ధర ఆ మేరకు తగ్గడం మామూలే. అంటే ఆయన నాలుగు లక్షలు 3.7 లక్షల షేర్లుగా, 30 వేల డివిడెండ్‌గా విడిపోయాయి. కొత్తగా వచ్చింది ఏమీ లేదు.

పైగా 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద పన్ను మనమే కట్టాలి. ఆ 30 వేలలో పది శాతం టీడీఎస్ పోయి 27 వేలే ఖాతాలో పడ్డాయి. మాస్టారిది 20 శాతం స్లాబు. సెస్సుతో కలిపి మొత్తం పన్ను 6,240. తన డబ్బు తన చేతికి రావడానికి ఆయన కట్టిన మూల్యం అది. ఆదాయం పన్ను పడేంత లేనివాళ్లు రిటర్న్ వేసి టీడీఎస్ వెనక్కి తీసుకోవచ్చు, కానీ షేరు ధరలో తగ్గిన 30 రూపాయలు వాళ్లకీ తగ్గినట్టే.

అసలు దెబ్బ ఈ ఏడాది తగిలింది. కిందటేడాది ఇచ్చిన 30 రూపాయలు, కంపెనీ తన స్థలం అమ్మగా వచ్చిన డబ్బులోంచి ఇచ్చిన ప్రత్యేక డివిడెండ్. ఈసారి ప్రకటించింది 6 రూపాయలు. పెట్టిన నాలుగు లక్షల మీద ఒకటిన్నర శాతం. పట్టికలో కనిపించే యీల్డ్ అయిపోయిన ఏడాది లెక్క, వచ్చే ఏడాదికి హామీ కాదు. షేరు పడిపోయినా యీల్డ్ ఎక్కువగానే కనిపిస్తుంది. అందుకే మళ్లీ చెబుతున్నాను, యీల్డ్ చూసి కొనకండి.

అదే 30 వేలు ఈక్విటీ మ్యూచువల్ ఫండ్‌లో, లాభం పంచకుండా ఫండ్‌లోనే ఉంచే గ్రోత్ ఆప్షన్‌లోంచి తీస్తే లెక్క వేరు. యూనిట్ 100కు కొన్నారు, ఇప్పుడు 125 ఉంది అనుకుందాం. 240 యూనిట్లు అమ్మితే 30 వేలు వస్తాయి. అందులో 24 వేలు మీ అసలే, లాభం 6 వేలు మాత్రమే. కొని ఏడాది దాటితే, ఇలాంటి లాభాలన్నీ కలిపి సంవత్సరానికి 1.25 లక్షలు మించనంత వరకు పన్ను లేదు. ఎంత కావాలో, ఎప్పుడు కావాలో మీరే నిర్ణయించుకుంటారు. డివిడెండ్ అయితే కంపెనీ బోర్డు ఇచ్చినప్పుడే వస్తుంది. 2020 ఏప్రిల్‌లో బ్యాంకులు డివిడెండ్ ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశిస్తే, బ్యాంకు షేర్లనే నమ్ముకున్నవాళ్లకు ఆ ఏడాది ఆ ఆదాయం రాలేదు.

అలాగని నెలనెలా యూనిట్లు అమ్మే ఎస్‌డబ్ల్యూపీకి ప్రమాదం లేదని కాదు. 40 లక్షలున్న మనిషి నెలకు 30 వేలు తీస్తే ఏడాదికి 9 శాతం. 2020 జనవరి నుంచి మార్చి లోపు నిఫ్టీ సుమారు 38 శాతం పడింది. అలా పడితే 40 లక్షలు 25 లక్షల లోపుకు దిగుతాయి, అదే 30 వేలు అప్పుడు 14 శాతం దాటుతుంది. దిగువ ధరకు అమ్మేసిన యూనిట్లు మార్కెట్ లేచినప్పుడు మీ దగ్గర ఉండవు.

కాబట్టి 40 లక్షల మీద నెలకు 15 వేలు దాటనివ్వకండి. మూడేళ్ల ఖర్చు, అంటే 5.4 లక్షలు, ఎఫ్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో విడిగా ఉంచండి. మార్కెట్ బాగా పడితే ఎస్‌డబ్ల్యూపీ ఆపి అందులోంచి వాడుకోండి. మొదటి ఏడాది ఈక్విటీ ఫండ్ నుంచి తీయకండి, చాలా వాటిలో ముందే తీసినందుకు కోసుకునే ఎగ్జిట్ లోడ్ పడుతుంది, లాభంపై పన్ను 20 శాతం. ఫండ్ డివిడెండ్‌లా డబ్బు పంచే ఐడీసీడబ్ల్యూ ఆప్షన్ ఎంచుకోకండి. దాని పూర్తి పేరులోనే పెట్టుబడి వెనక్కి తీయడం అని ఉంది, 2021లో సెబీ ఆ పేరు పెట్టించింది అందుకే. డివిడెండ్ కోసం ఎఫ్‌డీ విరగ్గొట్టకండి. బంగారం కుదువ పెట్టి అసలే కొనకండి. ఏ షేరైనా అయిదేళ్ల డివిడెండ్లు వరుసగా రాసుకుని, ప్రత్యేక డివిడెండ్ కొట్టేసి, మిగిలింది చూడండి. లాభం కన్నా ఎక్కువ పంచుతున్న కంపెనీని వదిలేయండి. యీల్డ్ చూసి కొనకండి. రికార్డు తేదీ దాటిపోతోందని ఎవరు తొందరపెట్టినా ఆ వారం కొనకండి. నిజంగా మంచి షేరే అయితే డివిడెండ్ పోయాక తగ్గిన ధరకు, ఆ పన్ను బెడద లేకుండా కొనుక్కోవచ్చు.