పెనం మీద సీఖ్ కబాబ్ విరగకుండా కాల్చడం ఎలా?

వరంగల్ మండి బజార్‌లో రంజాన్ రాత్రుల్లో బొగ్గుల మీద కాలుతున్న సీఖ్ కబాబ్‌ను కాసేపు నిలబడి గమనిస్తే, అక్కడ మాంసం ఏ వస్తువుకూ తగలడం లేదని అర్థమవుతుంది. ఇనుప చువ్వ రెండు కొనలూ పొయ్యి అంచుల మీద ఆనుకుని ఉంటాయి, కరిగిన కొవ్వు బొట్లుబొట్లుగా బొగ్గుల మీద పడిపోతుంది, కాల్చే మనిషి చువ్వను తిప్పుతాడే తప్ప మాంసాన్ని ముట్టుకోడు. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద పెనం పెట్టినప్పుడు ఈ మూడు సౌకర్యాలూ పోతాయి. పచ్చి ఖీమా తన బరువంతా మోపి వేడి ఇనుము మీద పడుకుంటుంది, కారిన కొవ్వు దాని చుట్టూనే నిలుస్తుంది, తిప్పాలంటే మాంసాన్నే కదపాలి. పెనం మీద కబాబ్ విరిగినప్పుడు మనం అట్లకాడను తప్పుపడతాం గానీ, చాలాసార్లు అది ఖీమా కలిపినప్పుడే విరిగిపోయి ఉంటుంది.

నేను హనుమకొండలో మొదటిసారి ఈ ప్రయత్నం చేసినప్పుడు, మటన్ దుకాణంలో తొడ మాంసం తీసుకుని, కొవ్వు ముక్క ఒక్కటి కూడా ఉండకూడదని పట్టుబట్టాను. కత్తి పట్టుకున్న పెద్దాయన, "కబాబ్‌కా సార్? కొవ్వంత తీసేస్తే మంచిగుండదు, పొడిపొడి అయితది" అన్నాడు. నేను వినలేదు. ఆ సాయంత్రం కబాబులు పెనం మీద బిగుసుకుపోయి, నిలువునా పగుళ్లు తేలి, తిప్పబోతే ఆ పగుళ్ల దగ్గరే ముక్కలయ్యాయి. చివరికి వాటిని చిదిపి ఉల్లిగడ్డ వేసి ఖీమా వేపుడుగా మార్చి, అన్నంలో కలుపుకుని తిన్నాము.

కొవ్వు ఎంత, ఎక్కడిది?

వేడికి మాంసంలోని కండ ముడుచుకుని తనలోని నీటిని బయటికి నెడుతుంది. మధ్యమధ్యలో కొవ్వు రేణువులు ఉంటే ఆ బిగుతు తగ్గి, నీరు పోయినా కబాబ్ మెత్తగా ఉంటుంది. అయితే కబాబ్‌ను కలిపి పట్టుకునేది కొవ్వు కాదు, ఉప్పుతో పిసికినప్పుడు కండలోంచి వచ్చే జిగురు. అందువల్ల కొవ్వు తక్కువైతే కబాబ్ ఎండి పగులుతుంది, మరీ ఎక్కువైతే అదంతా కరిగి కారిపోయి లోపల గుల్లబారి కూలుతుంది. పెనానికి నేను పాటించే కొలత అయిదింట ఒక వంతు, అంటే అరకిలో ఖీమాలో 400 గ్రాముల కండ, 100 గ్రాముల కొవ్వు. బొగ్గుల మీదైతే ఇంకొంచెం ఎక్కువ పడుతుంది, ఎందుకంటే అక్కడ కారినది కిందికి పోతుంది.

మన వైపు మటన్ అంటే ఎక్కువగా గొర్రె మాంసమే. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. కబాబ్‌కు ఇది కలిసొచ్చే విషయం, ఎందుకంటే మేక మాంసంలో కొవ్వు తక్కువ. ఒకవేళ మేక మాంసమే తీసుకుంటే కొవ్వు విడిగా అడిగి తూకం వేయించుకోవాలి. కొవ్వులోనూ తేడా ఉంది. మూత్రపిండాల చుట్టూ ఉండే తెల్లని గట్టి కొవ్వు ఆలస్యంగా కరుగుతుంది, చల్లారాక నాలుకకు మైనంలా అంటుకుంటుంది. రొమ్ము దగ్గరి కొవ్వు మెత్తన, రుచిలోనూ మేలు. నేను దానినే అడుగుతాను. కండనూ కొవ్వునూ కలిపి సన్నని జల్లెడతో రెండుసార్లు ఆడించమనాలి. ఒక్కసారి ఆడించిన ఖీమాలో కొవ్వు ముక్కలు పెద్దవిగా మిగిలి, అవి కరిగిన చోటల్లా రంధ్రం పడుతుంది.

చల్లగా కలపడం

తెచ్చిన ఖీమాను వెంటనే కలపకుండా అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. మే నెలలో వరంగల్ ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, వంటగదిలో అరచేతి వేడికే కొవ్వు మెత్తబడి కండకు పూతలా పట్టుకుంటుంది, అప్పుడు కండ జిగురు ఒకదానితో ఒకటి అతకదు. కలుపుతున్నప్పుడు గిన్నె అంచులకు తెల్లని జిడ్డు అంటుకుంటున్నా, వేళ్లు నూనెలో ముంచినట్టు మెరుస్తున్నా కొవ్వు కరగడం మొదలైందని అర్థం. అక్కడే ఆపి, గిన్నెను మళ్లీ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాలి.

ముందు ఖీమాలో ఒకటింబావు చెంచా ఉప్పు మాత్రమే వేసి అయిదు నిమిషాలు పిసకాలి. చపాతీ పిండిని మడిచి నొక్కినట్టే, ఖీమాను గిన్నె అడుగుకు నొక్కుతూ, మడుస్తూ పోతే మొదట విడివిడిగా ఉన్న పోగులు మెల్లగా ఒకే ముద్దగా మారి, రంగు కొద్దిగా పాలిపోయి, వేళ్ల మధ్య దారాలు సాగుతాయి. నిమ్మకాయంత ముద్దను అరచేతికి అంటించి చెయ్యి బోర్లించి చూడాలి. పది లెక్కపెట్టేలోపు రాలిపోతే పిసకడం ఇంకా పూర్తి కాలేదు.

ఆ తరువాతే మిగిలినవి. ఒక మధ్యరకం ఉల్లిగడ్డను తురిమి, పలుచని గుడ్డలో వేసి గట్టిగా పిండితే రెండు మూడు పెద్ద చెంచాల నీరు వస్తుంది. ఆ నీరు ఖీమాలోకి వెళితే పెనం మీద ఆవిరిగా మారి కబాబ్‌ను లోపలి నుంచి చీలుస్తుంది కాబట్టి పిప్పిని మాత్రమే వేయాలి. దానితో పాటు సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర, ఒక చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, ఒక చెంచా కారం, ఒక చెంచా ధనియాల పొడి, అర చెంచా గరం మసాలా, రెండు పెద్ద చెంచాల పుట్నాల పొడి చేరుస్తాను. పుట్నాల పొడి మిగిలిన తడిని పీల్చుకుంటుంది. అంతకు మించి వేస్తే నాలుకకు పిండి తగులుతుంది. కొందరు కోడిగుడ్డు కొడతారు, నాకది నచ్చదు. గుడ్డు ఉడికి గట్టిపడేలోపు పచ్చి ఖీమాను మరింత జారుగా చేస్తుంది, మొదటిసారి తిప్పేటప్పుడు ఆ జారుడే ఇబ్బంది. పచ్చి బొప్పాయి ముద్ద కూడా ఇక్కడ వద్దు, అది కండను కరిగించి మనం కష్టపడి తెచ్చిన పట్టును చెడగొడుతుంది.

మొత్తం కబాబులు చుట్టకముందే రూపాయి బిళ్లంత ముద్దను పెనం మీద కాల్చి చూడడం నాకు అలవాటు. అది పొడిగా రాలితే ఇంకా పిసకాలి. అంచుల చుట్టూ నీరు బుడగలు కడితే ఇంకో చెంచా పుట్నాల పొడి కావాలి. బాగా కుంచించుకుపోయి నూనె మడుగులో తేలితే ఖీమా వేడెక్కిందనో, కొవ్వు ఎక్కువైందనో తెలుసుకోవాలి. ఉప్పు కారాల సంగతీ అప్పుడే తేలుతుంది.

చువ్వ మీద చుట్టి, చువ్వ తీసేయడం

పొడవాటి చువ్వ పెనం అంచుకు తగిలి కబాబ్‌ను పైకి లేపుతుంది, అప్పుడు మధ్య భాగం పెనానికి ఆనదు. అందుకని పెన్సిల్ కంటే సన్నని చువ్వకో, శుభ్రమైన పుల్లకో నూనె రాసి, తడి చేత్తో సుమారు 60 గ్రాముల ఖీమాను దాని మీద అయిదు అంగుళాల పొడవున, బొటనవేలి కంటే కాస్త లావుగా పరచాలి. అతుకులు కనిపించకుండా వేళ్లతో నిమిరి, రెండు కొనలూ మూసి, చువ్వను మెల్లగా తిప్పుతూ బయటికి లాగేయాలి. మధ్యలో మిగిలిన సన్నని బోలు వల్ల ఆవిరికి దారి దొరుకుతుంది. అరకిలోకు పది కబాబులు వస్తాయి. వాటిని పళ్లెంలో పేర్చి మరో అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే పెనం మీదికి వెళ్లేటప్పుడు కర్రల్లా గట్టిగా ఉంటాయి.

పెనం, మంట, మొదటి మలుపు

అడుగు సమంగా ఉన్న, బాగా అలవాటు పడిన ఇనుప అట్ల పెనం దీనికి మేలు; మధ్యలో గుంట ఉన్న రొట్టెల పెనం పనికిరాదు. మధ్యస్థమైన మంట మీద నాలుగైదు నిమిషాలు వేడి చేసి నీటి చుక్క చల్లితే, అది వెంటనే ఇగిరిపోకుండా పూసలా దొర్లాలి. అప్పుడు రెండు చెంచాల నూనె రాసి, అయిదు కబాబులను వేలెడు ఎడంతో పెట్టాలి. పదీ ఒకేసారి పెడితే పెనం చల్లబడి, ఊరిన నీటిలో కబాబులు కాలకుండా ఉడుకుతాయి, ఉడికినవి మెత్తబడి చితుకుతాయి.

ఇక్కడ రెండు నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడడమే అసలు పని. పచ్చి మాంసం వేడి ఇనుముకు మొదట అంటుకుంటుంది, అడుగు ఎర్రబడి పెచ్చు కట్టాక తనంతట తానే వదులుతుంది. కింది అంచు పొడవునా గోధుమరంగు గీత కనిపించి, చిటపట చప్పుడు కాస్త పొడిబారాక, అట్లకాడ అంచుతో కొనను మెల్లగా నెట్టి చూడాలి. కబాబ్ మొత్తంగా జరిగితే తిప్పవచ్చు. కొన మాత్రమే వంగితే ఇంకో అర నిమిషం ఆగాలి. అంటుకుని ఉండగా లేపితే పెచ్చు పెనానికే ఉండిపోయి, ఆ గాయం దగ్గర కబాబ్ విరుగుతుంది.

తిప్పడానికి వెడల్పాటి అట్లకాడను కబాబ్ పొడవు వెంట, పక్క నుంచి కిందికి పోనిచ్చి, రెండో చేతిలో చెంచా వీపును ఎదురుగా అడ్డం పెట్టి, పావు వంతు మాత్రమే దొర్లించాలి. పట్టకారుతో నడుము దగ్గర పట్టుకుని పైకెత్తితే రెండు కొనలూ తమ బరువుకే వేలాడి తెగిపోతాయి. ఒక పక్క గట్టిపడ్డాక అది కింద చెక్క వేసినట్టు మిగతా భాగాన్ని మోస్తుంది, అందుకే రెండో మలుపు నుంచి భయం ఉండదు. మిగిలిన మూడు పక్కలూ ఒక్కొక్కటి నిమిషంన్నర చాలు. పెనం మీద కబాబ్ గుండ్రంగా రాదు, నాలుగు పలకలుగా వస్తుంది. దాన్ని లోపంగా చూడనక్కరలేదు. గ్యాస్ మంట మధ్యలో తీవ్రంగా ఉంటుంది కాబట్టి రెండో మలుపు తరువాత అంచున ఉన్నవాటిని నడిమికి, నడిమివాటిని అంచుకు జరపాలి.

నాలుగు పక్కలూ ఎర్రబడ్డాక మంట తగ్గించి, మూత పెట్టి రెండు మూడు నిమిషాలు ఉంచితే లోపలి భాగం ఉడుకుతుంది. మూత ముందే పెడితే ఆవిరికి పెచ్చు కట్టదు. ఖీమాకు నడిమి వేడి 71 డిగ్రీలకు చేరాలి. కొలిచే సాధనం లేకపోతే ఒక కబాబ్‌ను విరిచి చూడాలి, నడుమ ఎరుపు గానీ పచ్చి జిగురు గానీ ఉండకూడదు, కారే రసం తేటగా ఉండాలి.

మొదటి వాయి తీశాక పెనంలో ఒకటి రెండు పెద్ద చెంచాల కొవ్వు నిలుస్తుంది. దాన్ని గిన్నెలోకి వంచి, రాలిన తునకలను గుడ్డతో తుడిచేయాలి. లేకపోతే అవి మాడి రెండో వాయికి నల్లగా అంటుకుని, కబాబ్ పెనాన్ని వదలకుండా చేస్తాయి. రెండో వాయికి పెనం మరింత వేడెక్కి ఉంటుంది కాబట్టి మంటను ఒక మెట్టు తగ్గించి, కబాబులను అప్పుడే ఫ్రిజ్ నుంచి తీసి వేయాలి. కాలినవాటిని వేడిగా ఉండగానే ఉల్లిగడ్డ చక్రాలు, నిమ్మ చెక్కతో వడ్డించాలి, గొర్రె కొవ్వు చల్లారిందంటే పెదవులకు గడ్డకడుతుంది.