దస్తావేజులో రాసిన ప్రతిఫలం నిజంగా చెల్లించారా? బ్యాంకు లెక్కతో సరిచూడటం ఎలా?

మీరు కొనబోయే ఫ్లాటును ఇప్పటి యజమాని కొన్నేళ్ల కిందట వేరొకరి దగ్గర కొన్నాడు. అప్పట్లో అతను ఆ డబ్బంతా కట్టాడో లేదో మనకెందుకని చాలామంది అడుగుతారు. ఎందుకంటే, కొంత సొమ్ము బాకీ ఉన్నా రిజిస్ట్రేషన్‌తో ఆస్తి చేతులు మారిపోతుంది. ధర చెల్లించినా, చెల్లిస్తానని మాట ఇచ్చినా అమ్మకం అమ్మకమేనని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెబుతోంది. అదే చట్టం 55వ సెక్షన్ ప్రకారం, ముట్టని సొమ్ముకు పాత అమ్మకందారుకు ఆ ఆస్తి మీద చార్జి, అంటే బాకీని ఆ ఆస్తి నుంచే రాబట్టుకునే హక్కు, ఉంటుంది. బాకీ సంగతి తెలిసీ కొన్నవాడిని ఆ చార్జి వదలదు. దాన్ని రాబట్టుకోవడానికి దావా గడువు 12 ఏళ్లు. అందుకే 12 ఏళ్ల లోపు దస్తావేజు ఏది వచ్చినా చెల్లింపులు సరిచూడకుండా బయానా ఇవ్వకూడదు. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ శుభ్రంగా ఉంది కదా అంటారు. ముట్టని చెక్కు గురించి ఈసీలో ఏమీ ఉండదు.

ముందుగా కాగితాలు. దస్తావేజు జిరాక్సు వద్దు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. రిజిస్ట్రారు ఎదుటే డబ్బు చేతులు మారితే ఆ సంగతి వెనక పేజీలోని ఎండార్స్‌మెంటులో ఉంటుంది, జిరాక్సు తీసేవాళ్లు సరిగ్గా ఆ పేజీనే వదిలేస్తారు. దానితోపాటు అమ్మకపు అగ్రిమెంటు, కొన్నవాడి బ్యాంకు స్టేట్‌మెంటు, గృహరుణం ఉంటే బ్యాంకు సొమ్ము విడుదల చేసిన లేఖ, టీడీఎస్ ధ్రువపత్రం అడగండి. స్టేట్‌మెంటు అగ్రిమెంటు తేదీ నుంచి రిజిస్ట్రేషన్ తర్వాత మూడు నెలల వరకూ ఉండాలి. చెక్కు చెల్లుబాటు గడువు మూడు నెలలు కాబట్టి అంతకు ముందే ఆపితే ఆలస్యంగా కదిలిన చెక్కు దొరకదు. పాస్‌బుక్కు ఫొటోలు పనికిరావు, వాటిలో సగం వివరాలు చెరిగిపోయి ఉంటాయి.

ఒక కేసు పెట్టుకుని నడుద్దాం. విజయవాడ పటమటలో ఫ్లాటు, 2022 జూన్ 8న రిజిస్ట్రేషన్. దస్తావేజు మొదటి పేజీల్లో రెండు అంకెలు కనిపిస్తాయి: ప్రతిఫలం 62,00,000, ప్రభుత్వ మార్కెట్ విలువ 58,40,000. ఈ రెండిటిలో ఏది ఎక్కువైతే దాని మీద స్టాంపు సుంకం కడతారు. మనం సరిచూడాల్సింది మాత్రం ప్రతిఫలాన్నే. కొన్నవాడి ఖాతా నుంచి ఆ వారంలోనే మరో 4,65,000 వెళ్లింది. అది స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర శాతం, రిజిస్ట్రేషన్ రుసుము ఒక శాతం కలిపి ప్రభుత్వానికి కట్టింది. దాన్ని, ఏజెంటు కమీషన్‌ను లెక్కలోకి రానివ్వకండి.

ఇప్పుడు దస్తావేజులో ‘ఈ దిగువ విధంగా ముట్టినవి’ అని మొదలయ్యే పేరాకు రండి. మన కేసులో అక్కడ నాలుగు పద్దులున్నాయి. అడ్వాన్సు ఆన్‌లైన్‌లో 3,00,000. ఏప్రిల్ 20న ఆర్‌టీజీఎస్ ద్వారా 8,00,000. జూన్ 10 తేదీ వేసిన చెక్కు 5,00,000. గృహరుణం ఇచ్చిన బ్యాంకు డీడీల రూపంలో 46,00,000. మొత్తం 62 లక్షలు. వీటిని కాగితం మీద ఎడమవైపు ఒకదాని కింద ఒకటి రాయండి. కాగితం మీదే. కంప్యూటర్‌లో పట్టీ వేసేవాళ్లు చివర మొత్తం పడగానే తృప్తిపడి లేచిపోతారు. ఈ పనిలో మొత్తం సరిపోవడానికి ఏ విలువా లేదు. 62 లక్షలుగా కలిసే అంకెలు ఎవరైనా రాయగలరు, దస్తావేజు లేఖరి పని అదే. సరిపోవాల్సింది ఒక్కో పద్దు.

కుడివైపు స్టేట్‌మెంటులోని పద్దులు రాయండి. తేదీ, మొత్తం, ఒక్కో బదిలీకి బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు. యూటీఆర్ నెఫ్ట్‌కు 16 అక్షరాలు, ఆర్‌టీజీఎస్‌కు 22. చెక్కయితే ఆరంకెల నంబరు. స్టేట్‌మెంటులో అమ్మకందారు పేరు కనిపించగానే టిక్కు పెట్టకండి. ఆ పేరు చాలాసార్లు పంపినవాడు టైపు చేసుకున్నదే. డబ్బు జమ అయ్యేది ఖాతా నంబరును బట్టి. దస్తావేజులో గానీ అగ్రిమెంటులో గానీ అమ్మకందారు ఖాతా నంబరు ఉంటే దానితో పోల్చండి. లేకపోతే అవతలివైపు స్టేట్‌మెంటులో ఆ యూటీఆర్ పడిన పేజీ ఒక్కటి తెప్పించమనండి.

మన కేసులో ఏప్రిల్ నాటి 8 లక్షలు ఉన్నది ఉన్నట్టు కనిపించాయి. అడ్వాన్సులో మాత్రం మార్చి 14న ఒక లక్ష, 15న ఒక లక్ష, అంతే. మూడో లక్ష కొన్నాయన బావగారి ఖాతా నుంచి వెళ్లింది. మన ఊళ్లలో ఇది మామూలే, తప్పేమీ కాదు. కానీ ఆ లక్ష ఫలానా ఫ్లాటు అడ్వాన్సు కింద పంపానని బావగారి నుంచి సంతకంతో ఒక లేఖ, ఆయన స్టేట్‌మెంటు పేజీ తీసుకోండి. అడిగితే నొచ్చుకుంటారని వదిలేస్తే ఆ ఖాళీ మీ కాగితం మీద అలాగే ఉండిపోతుంది.

డీడీల సంగతి కూడా సులువే. 46 లక్షల్లో 28,65,000 అమ్మకందారు పేరిట, 17,35,000 ఆయన పాత గృహరుణ ఖాతాకు. రెండో డీడీ అమ్మకందారు చేతికి రాలేదు కాబట్టి చెల్లింపు కాదని వాదించే మహానుభావులున్నారు. ఆయన అప్పు తీర్చితే ఆయనకు ఇచ్చినట్టే. రుణం మూసేసినట్టు ఆ బ్యాంకు ఇచ్చిన లేఖ ఒకటి చూడండి, చాలు.

ఇక మిగిలింది ఆ 5 లక్షల చెక్కు. ఇక్కడ ఆగాలి, ఇక్కడే అందరూ తొందరపడతారు.

మొదట తేదీలు చూడండి. రిజిస్ట్రేషన్ జూన్ 8, చెక్కు తేదీ జూన్ 10. అంటే సంతకాలు పెట్టే రోజుకు ఆ సొమ్ము ముట్టే అవకాశమే లేదు, ‘ముట్టినవి’ అని రాసుకున్నారంతే. కొన్ని దస్తావేజుల్లో ‘చెక్కు చెల్లుబాటు అయిన మీదట’ అన్న మాట కూడా ఉంటుంది. ఈ రెండిటిలో ఏది కనిపించినా ఆ దస్తావేజు చదివిన మీకు, డబ్బు అప్పటికి పూర్తిగా ముట్టలేదని తెలిసినట్టే లెక్క. రేపు పాత అమ్మకందారు చార్జి అంటూ కోర్టుకు వెళితే ‘నాకు తెలియదు’ అనే జవాబు నిలబడటం కష్టం. అందుకే మిగతా మూడు పద్దులకన్నా దీని మీద పదింతలు శ్రద్ధ పెట్టాలి.

తర్వాత స్టేట్‌మెంటులో ఆ చెక్కు నంబరు కోసం వెతకండి. మూడు రకాలుగా ఉండవచ్చు. నంబరు కనిపించి, డబ్బు వెళ్లి, తిరిగి రాకపోతే సమస్య లేదు. డబ్బు వెళ్లి, అదే రోజో మర్నాడో అంతే మొత్తం తిరిగి జమ అయి, కింద చెక్కు వాపసు రుసుము పడితే అది బౌన్సయింది. వెళ్లిన పద్దు చూసి టిక్కు పెట్టి, కింది వరుస చదవనివాళ్లు ఎంతమందో! మూడోది, నంబరు అసలు కనిపించకపోవడం. చెక్కు ఇచ్చి వెనక్కి తీసుకున్నారో, బ్యాంకులో వేయనే లేదో స్టేట్‌మెంటు చెప్పదు. మన కేసు ఇదే.

అయితే జూన్ 13న అమ్మకందారు ఖాతాకు ఆర్‌టీజీఎస్‌లో 4,38,000 వెళ్లినట్టుంది. 5 లక్షలకు 62,000 తక్కువ. ఆ అంకె ఎక్కడైనా తగిలిందా? 62 లక్షల్లో ఒక శాతం. విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ మినహాయించి ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. చెక్కు వెనక్కి తీసుకుని, టీడీఎస్ పట్టుకుని, మిగతాది ఆర్‌టీజీఎస్ చేశారన్నమాట. ఆ టీడీఎస్ కట్టే ఫారం 26క్యూబీ రసీదులో 62,000 ఉందా, అమ్మకందారు పాన్ నంబరు సరిగా ఉందా చూసుకోండి. నిజానికి టీడీఎస్ అడ్వాన్సు మొదలు ప్రతి వాయిదాలోనూ పట్టాలి. అంతా చివర్లో పడితే వడ్డీ తలనొప్పి కొన్నవాడిది, చెల్లింపు లెక్కకు దానితో పనిలేదు. అమ్మకందారు ప్రవాస భారతీయుడైతే మాత్రం ఈ ఒక శాతం నియమం వర్తించదు, మినహాయింపు చాలా ఎక్కువగా ఉంటుంది. అక్కడ ఆడిటరును అడగక తప్పదు.

లెక్క కుదిరింది. అయినా టిక్కు పెట్టకూడదు. ఆ 4,38,000 ఈ చెక్కుకు బదులుగానే పంపారని మనం ఊహించాం, కాగితం ఏదీ చెప్పలేదు. ఆ ఇద్దరి మధ్య చేబదులు ఉండి ఉండవచ్చు. ఫలానా నంబరు చెక్కుకు బదులుగా ఫలానా యూటీఆర్ ద్వారా 4,38,000 ముట్టింది, 62,000 టీడీఎస్ కింద పోయింది, ఇక బాకీ లేదు అని పాత అమ్మకందారు రాసివ్వాలి. తెల్లకాగితం మీద రసీదు చాలంటారు కొందరు లేఖరులు. ఇంత మొత్తానికి చాలదు. ఇద్దరి సంతకాలతో రిజిస్టరైన సవరణ దస్తావేజు ఉండాలి. ఖర్చవుతుందని మొహమాటపెడితే, ఆ ఖర్చు ఇప్పుడు అమ్ముతున్నవాడి నెత్తిన వేయండి, లోపం అతనిది. పాత అమ్మకందారు ఊళ్లో లేడు, రాడు అంటే, కనీసం ఆయన స్టేట్‌మెంటు పేజీ వచ్చేదాకా బయానా ఆపండి.

అవతలి స్టేట్‌మెంటు దొరికితే జమ అయిన తేదీ నుంచి రెండు వారాల పద్దులు చదవండి. ఏప్రిల్‌లో వచ్చిన 8 లక్షలు నాలుగు రోజుల్లో కొన్నవాడికో, వాళ్ల బంధువులకో తిరిగి వెళితే అది చెల్లింపు కాదు, ఊరేగింపు. కారణం కాగితం మీద చూపించలేకపోతే ఆ ఆస్తి వదిలేయండి.

నగదు పద్దు ఉంటే వేరే చిక్కు. 2015 జూన్ నుంచి స్థిరాస్తి కోసం 20,000, అంతకు మించి నగదు పుచ్చుకోవడం నిషేధం, జరిమానా పుచ్చుకున్నంతా. ఆ జరిమానా మీ మీదకు రాదు గానీ, నగదు ఇచ్చినట్టు బ్యాంకు లెక్కలో రుజువు ఉండదు. మూడు లక్షలు నగదుగా ఇచ్చామని ఉన్నచోట రిజిస్ట్రారు ఎండార్స్‌మెంటులో అది నమోదైందో లేదో చూడండి. అక్కడా లేకపోతే ఆ పద్దు ఎదుట సున్నా వేయండి.

బ్యాంకులో దస్తావేజు ప్రతిఫలం కన్నా ఎక్కువ వెళ్లినట్టు కనిపిస్తే, చెక్కపనికో సామానుకో వేరే ఒప్పందం ఉందేమో అడగండి. దస్తావేజుకు బయట చేతులు మారిన నగదు మాత్రం ఈ పద్ధతికి దొరకదు. గుంటూరులోనూ విజయవాడలోనూ మార్కెట్ విలువకే దస్తావేజు రాయించి మిగతాది విడిగా ఇచ్చిన అమ్మకాల్లో ఎడమవైపు, కుడివైపు అన్నీ చక్కగా కలుస్తాయి. మీరు రాసిన కాగితం చెప్పేది దస్తావేజులో ఉన్నంతవరకు ముట్టిందా లేదా అన్నదే.