పట్టికలతో లెక్కలు – 4వ పాఠం: కోర్సు అడ్డంగా, సంవత్సరం నిలువుగా, నూరు ఎటు?

పోయిన పాఠంలో ఒక్క విషయాన్నే లెక్కపెట్టాం: ఏ కోర్సు వాళ్ళు ఎంతమంది అని. ఈసారి రెండు విషయాలను ఒకే పట్టికలో కలుపుదాం. దీన్నే క్రాస్ టాబ్ అంటారు. పట్టిక కట్టడం పది నిమిషాల పని. అందులోని శాతాన్ని వాక్యంగా రాసేటప్పుడే తప్పులు దొర్లుతాయి కాబట్టి, ఈ పాఠంలో ఎక్కువసేపు అక్కడే ఉంటాం.

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీ అనుకోండి. ఆమదాలవలస, నరసన్నపేట, పొందూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే విద్యార్థులు పాస్ కోసం ఆఫీసులో ఫారం ఇస్తారు. అలా వచ్చిన 200 ఫారాలను ఒక షీట్‌లోకి ఎక్కించారు. A లో రోల్ నంబరు, B లో కోర్సు, C లో చదువుతున్న సంవత్సరం. ఈ అంకెలు పాఠం కోసం నేను వేసుకున్నవి, ఏ కాలేజీవీ కావు.

అదే షీట్‌లో పక్కన E2 నుంచి E4 వరకు BA, BCom, BSc అని, F1 నుంచి H1 వరకు 1, 2, 3 అని రాయండి. F2 లో ఈ ఫార్ములా పెట్టండి:

```
=COUNTIFS($B$2:$B$201,$E2,$C$2:$C$201,F$1)
```

కోర్సు E2 లో ఉన్నదై, సంవత్సరం F1 లో ఉన్నదైన ఫారాలు ఎన్నో లెక్కపెట్టమని దీని అర్థం. దీన్ని H4 వరకు లాగండి. I2 లో =SUM(F2:H2) రాసి I4 వరకు, F5 లో =SUM(F2:F4) రాసి I5 వరకు లాగితే మొత్తాలు కూడా వచ్చేస్తాయి.

| కోర్సు | 1వ సం. | 2వ సం. | 3వ సం. | మొత్తం |
|---|---|---|---|---|
| బీఏ | 24 | 18 | 18 | 60 |
| బీకాం | 45 | 35 | 20 | 100 |
| బీఎస్సీ | 16 | 12 | 12 | 40 |
| మొత్తం | 85 | 65 | 50 | 200 |

ముందుగా కుడివైపు కింది మూల చూడండి. అక్కడ 200 ఉండాలి. 193 వచ్చిందంటే ఏడు ఫారాలు ఏ గడిలోనూ పడలేదు. చాలాసార్లు కారణం టైపింగే: ఒకరు BCom అని, ఇంకొకరు B.Com అని కొడతారు. సంవత్సరం దగ్గర 2 బదులు II అని ఉంటుంది, లేదా ఖాళీగా వదిలేసి ఉంటుంది. మాట చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి ఉన్నా COUNTIFS దాన్ని వేరే కోర్సుగానే చూస్తుంది. ఆ ఖాళీలను TRIM తీసేస్తుంది. మిగతావి ఫారం వెతికి చూసి సరిచేయాలి. సంవత్సరం నిజంగానే రాయని ఫారాలుంటే ఊహించి నింపకండి. ‘తెలియదు’ అని ఇంకో నిలువు వరుస పెట్టి అందులో చూపించండి.

ఇక పట్టిక చదువుదాం. మూడో సంవత్సరం కింద బీఏ 18, బీకాం 20, బీఎస్సీ 12. బీకాం వాళ్ళే ఎక్కువ. కానీ బీకాం ఫారాలు మొత్తం మీదే ఎక్కువ, నూరున్నాయి. పెద్ద కోర్సు ఏ గడిలోనైనా పెద్దగానే కనబడుతుంది. చిన్నదానితో పోల్చాలంటే రెండింటినీ నూరుకు తేవాలి. ఒక్కో అడ్డ వరుసను దాని సొంత మొత్తంతో భాగిస్తే వచ్చేదే అడ్డ వరుస శాతం. కింద F8 లో ఇలా రాసి H11 వరకు లాగండి, గడులను శాతంగా మార్చండి:

```
=F2/$I2
```

I ముందున్న డాలర్ గుర్తు మరిచిపోకండి. అది లేకపోతే పక్కకు లాగినప్పుడు I2 కాస్తా J2 అవుతుంది. అక్కడ ఏమీ లేదు కాబట్టి #DIV/0! అని వస్తుంది. అది వెంటనే తెలిసిపోయే తప్పు. పొరపాటున F$5 తో భాగిస్తే మాత్రం ఏ హెచ్చరికా రాదు, శాతాలు చూడ్డానికి బాగానే ఉంటాయి. అందుకే ప్రతి అడ్డ వరుసనూ కూడి చూడండి, 100 రావాలి. దశాంశాలు సవరించడం వల్ల 99.9 వస్తే టెన్షన్ పడక్కర్లేదు, దాన్ని చేత్తో దిద్దొద్దు.

| కోర్సు | 1వ సం. | 2వ సం. | 3వ సం. | ఫారాలు |
|---|---|---|---|---|
| బీఏ | 40% | 30% | 30% | 60 |
| బీకాం | 45% | 35% | 20% | 100 |
| బీఎస్సీ | 40% | 30% | 30% | 40 |
| అందరూ | 42.5% | 32.5% | 25% | 200 |

ఇప్పుడు బొమ్మ తిరగబడింది. మూడో సంవత్సరంలో సంఖ్య ప్రకారం ముందున్న బీకాం, శాతం ప్రకారం వెనకబడింది. బీఏ, బీఎస్సీ వరుసలు అచ్చంగా ఒకేలా ఉన్నాయి. ఫారాల సంఖ్యల్లో ఈ పోలిక కంటికి ఆనదు. చివరి వరుసను పై మూడు శాతాల సగటుతో నింపకండి. 40, 45, 40 ల సగటు 41.7, అసలు శాతం మాత్రం 85/200, అంటే 42.5. బీకాం వాళ్ళు ఎక్కువమంది కాబట్టి మొత్తం వాళ్ళ వైపు మొగ్గుతుంది.

పక్కన ఫారాల సంఖ్య ఎప్పుడూ ఉంచండి. ఐదుగురే ఉన్న కోర్సులో ఒక్కరు అటూ ఇటూ అయితే శాతం 20 మారిపోతుంది. అది చదివేవాళ్ళకు తెలియాలి.

పివట్ టేబుల్‌తోనైతే కోర్సును Rows లో, సంవత్సరాన్ని Columns లో, రోల్ నంబరును Values లో పెట్టండి. రోల్ నంబరు దగ్గర Sum అని వస్తే Count కి మార్చాలి, లేకపోతే రోల్ నంబర్లనే కూడేస్తుంది. తర్వాత Show Values As లో % of Row Total ఎంచుకోండి.

బీకాం మూడో సంవత్సరం గడిలో ఉన్న 20% ని ఇప్పుడు వాక్యంగా రాయండి. “పాస్ కోరిన బీకాం విద్యార్థుల్లో 20 శాతం మంది మూడో సంవత్సరం వాళ్ళు.” ఇది సరైన వాక్యం. “బీకాం మూడో సంవత్సరం విద్యార్థుల్లో 20 శాతం మంది పాస్ కోరారు” అంటే పూర్తిగా తప్పు. మనం భాగించింది బీకాం ఫారాల మొత్తంతో, మూడో సంవత్సరం తరగతిలో ఉన్నవాళ్ళ సంఖ్యతో కాదు. ఆ సంఖ్య ఈ షీట్‌లోనే లేదు. ‘-లో’ ముందు ఎవరు ఉన్నారో వాళ్ళే నూరు అని గుర్తుపెట్టుకుంటే వాక్యం తప్పదు.

ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. 45, 35, 20 అని శాతాలు దిగుతుంటే, బీకాం పిల్లలు చివరి ఏడాదికి వచ్చేసరికి బస్సు మానేస్తున్నారని ఎవరికైనా అనిపిస్తుంది. ఆఫీసులో అడ్మిషన్ రిజిస్టరు తీసి చూస్తే బీకాంలో మొదటి ఏడాది 90 మంది, రెండో ఏడాది 70, మూడో ఏడాది 40 ఉన్నారనుకోండి. 90లో 45, 70లో 35, 40లో 20. మూడేళ్ళలోనూ సరిగ్గా సగం మంది పాస్ కోరారు. బస్సు ఎవరూ మానలేదు, మూడో ఏడాది తరగతే చిన్నది. మన శాతాల్లో లెక్క తప్పేమీ లేదు. కానీ పాస్ కోరినవాళ్ళు ఏ ఏ సంవత్సరాల వాళ్ళో మాత్రమే అవి చెబుతాయి. తరగతిలో ఎంత మంది పాస్ కోరారో తెలియాలంటే ఫారం ఇవ్వనివాళ్ళు కూడా లెక్కలోకి రావాలి.

అభ్యాసం: మొదటి పట్టిక తీసుకుని ఈసారి ఒక్కో గడిని దాని కింది మొత్తంతో భాగించండి. =F2/F$5 అని రాసి పక్కకు, కిందికి లాగాలి. బీకాం వరుసలో 52.9, 53.8, 40 రావాలి. ఈ మూడింటికీ తలా ఒక వాక్యం రాయండి, ‘-లో’ ముందు ఎవరిని పెట్టారో సరిచూసుకోండి. వచ్చే పాఠంలో రిజిస్టరులోని సంఖ్యలను ఇదే షీట్‌లోకి తెచ్చి, ‘పాస్ కోరారు, కోరలేదు’ అనే మూడో విషయాన్ని కలుపుతాం.